పరిమితి గడిలో రాసిన మాట

బస్సు నాగలమడిక దాటకముందే హొన్నూరమ్మ మనసులో జరగాల్సిన చెడంతా జరిగిపోయింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు, ఒళ్ళో ఉన్న చార్టు ముందు సీటు కడ్డీకి గుద్దుకుని నలిగింది. మబ్బు తునక లేని ఆకాశం నుంచి వాన పడి, కిటికీ గుండా జల్లు కొట్టి, స్కెచ్చు పెన్ను రంగులన్నీ కలిసిపోయాయి. తీరా కాలేజీకి చేరితే మేడం సెలవు పెట్టి తుమకూరు వెళ్ళిపోయింది. ఇవన్నీ అయ్యాక కూడా చార్టు మాత్రం ఆమె మోకాళ్ళ మధ్య, పాత చీర ముక్కలో చుట్టుకుని, సంటిబిడ్డలా నిటారుగానే ఉంది.

పక్కన కూతురు అక్షత కిటికీకి తల ఆనించి కూర్చుంది. జ్వరం వదిలి ఒక రోజైనా కాలేదు, ముఖంలో ఇంకా రక్తం రాలేదు. బయట సోలార్ పలకలు కంచె వెనక వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి. ఆ కంచెకాడే అక్షత నాయన దాసప్ప కాపలా ఉద్యోగం.

ముందు సీటులో ఉన్న ఎల్లక్క వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఒకే ఊరు, మేకలు తోలుకుని పోయేదీ ఒకే దోవ.

"ఏంది హొన్నూరమ్మా అది? దేవుని పటమా? ఊరేగింపు యాడికి?"

"పటం కాదక్కా. మా అక్షత పీహెచ్‌డీ చార్టు. పావగడలో మేడముకు చూపించల్ల."

"అంత పొడుగుండాది, ఆ పిల్లే రాసిందా?"

"దానికి జ్వరం కదక్కా. నేనే రాసినా." ఈ మాట బస్సులో వెనక సీటు దాకా వినబడేటట్టే అంది.

"నువ్వా! అయితే నువ్వు కూడా డాక్టరైతివి పో. మా మేకకు కాలు నొప్పి, చూస్తువు రా."

నలుగురు నవ్వారు. హొన్నూరమ్మ కూడా నవ్వింది. అక్షత కళ్ళు తెరవకుండానే, "మెల్లగ మాట్లాడుమ్మా" అంది.

నిజానికి హొన్నూరమ్మ గొప్పకు పోయే మనిషి కాదు. భయపడే మనిషి. గొప్ప మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణమే దిష్టి తగులుతుందేమోనని చీర కొంగు చార్టు మీదికి లాగింది.

అక్షత చదువు సంగతి ఆమెకు తెలిసినంత వరకు ఇది. సోలార్ పార్కు వచ్చాక జీవాలు మేపే ఆడవాళ్ళ బతుకు ఎలా మారిందో కనుక్కుని రాయాలి. కానీ తానుగా ఒక ముక్క రాయకముందు, ఇంతకుముందు ఎవరెవరు ఏమేమి కనుక్కున్నారో అంతా చదవాలి. ఆ పుస్తకాలూ, పాత పరిశోధన గ్రంథాలూ తుమకూరు లైబ్రరీలో ఉన్నాయి. బయటికి ఇవ్వరు. అందుకని అక్షత అక్కడే కూర్చుని కావలసిన పేజీలకు ఫోనుతో ఫోటోలు తీసుకొచ్చింది. కన్నడంలో ఉన్న పేజీలు, ఒక్కోటి ఒక్కో వాలుగా, కొన్నిట్లో దాని బొటనవేలు కూడా పడింది.

ఆ పేజీలన్నిటినీ ఒక పట్టికగా పేర్చాలని అక్షత చేత పరిశోధన చేయిస్తున్న గీతా మేడం చెప్పింది. ఒక్కో గ్రంథానికి ఒక్కో అడ్డ వరస. ఎడమవైపు రాసినవాళ్ళ పేరు, సంవత్సరం. తరవాత ఐదు గళ్ళు. ఏ ఉద్దేశంతో చేశారు, ఏ పద్ధతిలో చేశారు, ఎవరిని ఎంతమందిని నమూనాగా తీసుకున్నారు, ఏం తేలింది, తమ పనికి ఏ పరిమితి ఉందని వాళ్ళే ఒప్పుకున్నారు. ప్రతి గడి కింద అది ఏ పేజీలో ఉందో అంకె. కంప్యూటరులోకి ఎక్కించే ముందు పెద్ద కాగితం మీద రాసుకు రావాలనేది ఆ మేడం పట్టుదల. ఒక్క చూపులో అందరూ ఏం చేశారో, ఎవరూ ఏది చెయ్యలేదో కంటికి కనపడాలట. అది సరిగా ఉంటేనే ఆమె సంతకం. సంతకం ఉంటేనే బుధవారం తుమకూరులో కమిటీ ముందు అక్షత నిలబడేది. ఇది తప్పితే మళ్ళీ పై ఏడాదే.

గ్రంథాలు చదివి గీతలు పెట్టడం అక్షతే చేసింది. ఫోనులోనే ఫోటో మీద వేలితో రంగు గీతలు గీసింది. ఆకుపచ్చ గీత ఉంటే ఉద్దేశం, నీలం పద్ధతి, నారింజ నమూనా, ఎరుపు ఫలితం, ఊదా రంగు పరిమితి. ఇక చార్టు మీదికి ఎక్కించడమే మిగిలిందనగా జ్వరం పట్టుకుంది. హొన్నూరమ్మ అది డెంగీ అని ఖాయం చేసుకుని, రక్తపరీక్షలో కాదని వచ్చినా ల్యాబు వాళ్ళు వేరేవాళ్ళ సీసా చూశారేమోనని రెండు రోజులు ఏడ్చింది. ఏడుస్తూనే, "నేను రాస్తానే చార్టు" అని ముందుకొచ్చింది. పదో తరగతి దాకా కన్నడ మీడియం. బడిలో ఉన్నప్పుడు పొద్దున్నే బోర్డు మీద మంచిమాట రాసే పని ఆమెదే. చేతిరాత అప్పుడూ ఇప్పుడూ ముత్యాలే.

"గీత ఉండేంత మటుకే రాయిమా," అంది అక్షత మంచం మీది నుంచి. "ఉండేది ఉన్నట్లు. గీత లేకుంటే ఆ గడి వదిలెయ్. నేను లేచినాక చూస్తా."

"వదిలేస్తే ఎట్ల? ఖాళీగా ఉంటాది కదా."

"ఉండనీ మా."

అదుగో, అక్కడ పడింది పురుగు.

ఖాళీ గడి అంటే హొన్నూరమ్మకు ఏమిటో కాలేజీలో చదువుకున్నవాళ్ళకు తెలియదు. అక్షత పదో తరగతి అయ్యాక పీయూసీ చదివేటప్పుడు ఆదాయ సర్టిఫికెట్టు కోసం హొన్నూరమ్మ ఒక అర్జీ రాసి కచేరిలో ఇచ్చింది. ఒక గడిలో ఏం రాయాలో తెలియక వదిలేసింది. లోపలి మనిషి ఆ కాగితాన్ని కిటికీలోంచి బయటికి తోసి, "ఖాళీ ఉండకూడదమ్మా, ఏదో ఒకటి రాసుకొని రా" అన్నాడు. రాసుకుని వెళ్ళేసరికి కౌంటరు మూశారు. మరుసటి రోజు సర్వరు లేదు. అలా అలా హాస్టలు సీటే పోయింది. పిల్ల ఏడాదంతా పొద్దున చీకటితో లేచి బస్సుకు పరిగెత్తింది. అప్పటి నుంచి ఏ కాగితంలో ఖాళీ గడి చూసినా ఆమె చెయ్యి పెన్ను కోసం వెతుకుతుంది.

చార్టు అయిపోవచ్చేసరికి పరిమితి నిలువు వరసలో మూడు గళ్ళు ఖాళీగా మిగిలాయి. తక్కినదంతా నిండుగా, అందంగా ఉంది. ఆ మూడు మాత్రం ముందుపళ్ళు ఊడిన నోరులాగా కనబడుతున్నాయి. మేడం చూసీ చూడగానే, పిల్ల చదవలేదు, సోమరిది అనుకుంటుంది. పక్కకు నెట్టేస్తుంది. కిటికీలోంచి నెట్టినట్టే. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం అక్షత మందు వేసుకుని పడుకుంది. హొన్నూరమ్మ పైనుంచి కిందికి ఊదా గళ్ళన్నీ మళ్ళీ చదివింది. అన్నిటిలోనూ కొంచెం అటూ ఇటూగా ఒకే మాట. నమూనా చిన్నది, ఒక్క ఊరికే సంబంధించింది, వేరే ఊళ్ళకు వర్తించకపోవచ్చు. అందరూ అదే రాస్తున్నారు కదా, ఈ ముగ్గురు మాత్రం వేరే ఏం రాసుంటారు! పిల్ల గీత పెట్టడం మరిచిపోయింది, అంతే. రెండో వరసలో ఉన్న వాక్యాన్ని, దాని కింది అంకెతో సహా, మూడు గళ్ళలోకి దింపింది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఆ మూడిటిలో ఐదో వరస రాసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి కొంచెం ఆగింది. అది ఆడవాళ్ళ పనిని గురించి చేసిన పరిశోధన. ఫలితం గడిలో తాను రెండు రోజుల కిందట రాసిన మాట కనబడింది. సోలార్ పార్కు వచ్చాక ఆడవాళ్ళకు బయటి పని తగ్గింది, ఇంటిపట్టున ఉంటున్నారు. "యాడ తగ్గింది నా తల్లీ! కంచె చుట్టి పోయేసరికి మేకలు కాదు, నేను పడిపోతుండా" అని గొణుక్కుంది. అయినా పెద్దవాళ్ళు రాసినది, మనకెందుకని, పక్కనే ఆ పరిమితి వాక్యం పెట్టేసింది.

పొద్దున బయలుదేరేటప్పుడు అక్షత అడగనే అడిగింది. "ఖాళీలుండాయి కదమ్మా, ఒకసారి ఫోనులో చూసుకుంటా."

"అన్నీ అయిపోయినాయి లే, బస్సు పోతాది, నడువు" అంది హొన్నూరమ్మ చీర ముక్క చుడుతూ. ఊదా గీతలు అమ్మకు దొరికాయి కాబోలనుకుంది పిల్ల.

*

మేడం సెలవు పెట్టలేదు. కాలేజీ స్టాఫ్‌రూములో పెద్ద బల్ల దగ్గర కూర్చుని ఉంది. సన్నటి మనిషి. నెరిసిన జుట్టు ముడి వేసుకుంది, కళ్ళజోడు మెడకు తాడుతో వేలాడుతోంది. సొంత ఊరు మంగళవాడ, కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే ఊరు కాబట్టి తెలుగు బాగా వచ్చు. తమ చార్టులు పట్టుకుని పునీత్, రశ్మి అనే ఇంకో ఇద్దరు పరిశోధన పిల్లలు గోడవార కుర్చీల్లో ఉన్నారు.

హొన్నూరమ్మ టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం బయటి బెంచీ మీద కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. లోపల చార్టు పరిచి నాలుగు మూలలా డస్టరూ, నీళ్ళ సీసా, పుస్తకాలూ బరువు పెట్టడం కనబడింది.

"అబ్బ, ఏం రాత!" అంది మేడం. "ఎవరు రాసినారు అక్షతా? నీ కోడిగీతలు కావు ఇవి."

"మా అమ్మ, మేడం. నాకు జ్వరమొస్తే."

"బయట కూర్చున్నామెనా?" మేడం మెడ చాచి చూసింది. హొన్నూరమ్మ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక క్యారియరుతోనే నమస్కారం పెట్టింది. పునీత్ తన చార్టు కొంచెం వెనక్కి తిప్పుకున్నాడు.

మేడం కళ్ళజోడు పెట్టుకుని వరసలు చదవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడో వరస దగ్గర ఆగి, వేలు ఎడమకు జరిపి మళ్ళీ చదివింది.

"నమూనా, ఐదూళ్ళలో ప్రతి ఇల్లూ తిరిగి అడిగినారు. సరే. పరిమితి, నమూనా చిన్నది, ఒక్క ఊరికే సంబంధించింది." ఆమె తల ఎత్తింది. "ఐదూళ్ళు ఒక్క ఊరు ఎట్లయితాయి అక్షతా?"

అక్షత వంగి చూసింది.

మేడం వేలు పరిమితి నిలువు వరసలో కిందికి దిగింది. "ఐదోదీ ఇదే మాట. ఎనిమిదోదీ ఇదే మాట. ఎనిమిదోది భూముల రికార్డులు చూసి రాసిన నివేదిక కదా, మనుషుల్నే అడగలేదు, చిన్న నమూనా ఏంది? పేజీ అంకె కూడా మూడిటికీ ఒకటే. అది రెండో వరసలో ఉండే అంకె."

పునీత్ గోడవైపు తిరిగి అన్నాడు గానీ అందరికీ వినబడింది. "పక్కోనిది చూసి రాసేవాళ్ళను చూసినాం. పైగడి చూసి కిందిగడి రాసేది ఇదే మొదలు."

రశ్మి మోచేత్తో వాడిని పొడిచింది. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.

బెంచీ మీద హొన్నూరమ్మకు చెవులు వేడెక్కాయి. ముందు ఆమెకు అర్థం కాలేదు. తరవాత అంతా ఒక్కసారే అర్థమైంది. ఐదూళ్ళు అని నారింజ గీత కింద ఉన్న మాట తన చేత్తోనే రాసింది. దాని పక్కనే ఒక్క ఊరు అనీ తన చేత్తోనే రాసింది. రెండూ చదవడం వచ్చు. చదివింది కూడా. కానీ రాస్తున్నప్పుడు ఆమె చూసింది మాటలను కాదు, గడి నిండిందా లేదా అని.

"ఫోటో చూపించు," అంది మేడం. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది హొన్నూరమ్మకు. "ఈ వాక్యం ఏ పేజీలో ఉండాదో చూపించు."

అక్షత ఫోను తీసింది. వేలు ఫోటోల మీద జరుగుతూ ఉంది, ఆగడం లేదు. మెడ మీద చెమట. ఒకసారి గుమ్మం వైపు చూసింది. ఆ చూపు హొన్నూరమ్మ మీద పడి, వెంటనే వెనక్కి పోయింది.

"నేనే చెప్పి రాయించినా మేడం," అంది. "జ్వరంలో... అన్నీ ఒకటే ఉంటాయిలే అనుకొని."

"నువ్వు చెప్పినావా?"

"ఊఁ."

మేడం కళ్ళజోడు తీసేసింది. "అట్లయితే ఈ ఒక్క నిలువు వరసే కాదు, ఈ చార్టంతా ఏం చేసుకోవల్ల నేను? ఉద్దేశం గడిలో ఉండేది నిజమని ఎట్ల నమ్మేది? లేని మాటను ఒకరి నోట్లో పెట్టినాక, వాళ్ళు చెప్పిన మాట కూడా పోతాది కదా. చుట్టుకో. పై ఏడాది రా."

అక్షత డస్టరు తీసి పక్కన పెట్టింది. చార్టు మూల దానంతట అదే చుట్టుకుంది.

హొన్నూరమ్మ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆమెకే తెలియదు. క్యారియరు చేతిలోనే ఉంది. చెప్పులు విడవడం కూడా మరిచింది. పునీత్ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"మేడమమ్మా, ఆ పిల్ల చెప్పలేదు. అది వదిలెయ్ అనే చెప్పింది. నేనే..." ఆమె చార్టు వైపు చెయ్యి చూపింది. "గడి ఖాళీగా ఉంటే తోసేస్తారని నింపినా. దాన్ని అడగలేదు. పొద్దున అడిగినా అయిపోయిందని అబద్ధం చెప్పినా. నన్ను ఏమన్నా అనండి, దాన్ని పై ఏడాదికి తొయ్యద్దండి."

"మీరు కూర్చోండమ్మా," అంది మేడం.

"నేను నిలబడతా."

"మీ అమ్మాయి అబద్ధం చెప్తుండాదని నాకు తెలుసు. నింపిందెవరో చార్టు చూస్తేనే తెలుస్తాది. ఫోటోల మీద ఇంత ఒబ్బిడిగా గీతలు పెట్టే పిల్ల పేజీ అంకె దొంగిలించదు." అక్షత వైపు తిరిగింది. "నువ్వు చెప్తావేమోనని చూసినా. అమ్మను కాపాడినావు, సరే. నీ చార్టును ఎవరు కాపాడల్ల?"

అక్షత ముఖం కందిపోయింది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ బల్ల కోళ్ళను చూస్తూ నిలబడ్డారు. తన తప్పు బిడ్డను అబద్ధమాడేలా చేసి, ఆ అబద్ధం మళ్ళీ పిల్ల తలమీదే పడటం హొన్నూరమ్మ ఏ భయంలోనూ ఊహించలేదు. బస్సు బోల్తా పడటం ఊహించింది గానీ ఇది కాదు.

మేడం చుట్టుకుపోయిన మూలను మళ్ళీ పరిచి డస్టరు పెట్టింది. "రశ్మీ, నువ్వు చార్టు చదువు. పునీత్, నువ్వు నోటితో కాకుండా కళ్ళతో పని చెయ్యి. ఫోను పట్టుకో. ఒక్కో గడి చదువుతుంటే ఆ పేజీ తీసి, ఉందో లేదో చెప్పు. అంతా సరిపోతే అప్పుడు చూస్తాం. ఒక్కటి తేడా వచ్చినా నేను లేను."

హొన్నూరమ్మ గోడకు ఆనుకుంది. రశ్మి చదివేది, పునీత్ "ఉండాది, పేజీ సరే" అనేవాడు. ప్రతిసారీ వాడు పేజీ వెతికేంత సేపు ఆమె ఊపిరి బిగబట్టేది. ఎక్కడో ఒక పేరు తప్పు రాసే ఉంటుంది. ఒక అంకె తిరగబడే ఉంటుంది. కాలేదు. గీత పెట్టిన మాటల్లో ఒక్కటీ తప్పలేదు. ఆ సంతోషం మాత్రం ఆమె దగ్గరికి రాలేదు. అంత జాగ్రత్తగా రాసిన చేతే ఆ మూడూ రాసిందని ఇంకా సిగ్గేసింది.

మిగిలినవి ఆ మూడు గళ్ళు.

మూడో వరస గ్రంథానికి మొదటి అధ్యాయాలే ఉన్నాయి. చివరి అధ్యాయం ఫోటో తియ్యనే లేదు. లైబ్రరీ మూసేవేళయిందని వచ్చేశానని అక్షత చెప్పింది. ఎనిమిదో వరస నివేదిక చిన్నది, అట్ట నుంచి అట్ట దాకా ఫోటోలు ఉన్నాయి. పునీత్ అన్నీ చూశాడు. పరిమితి గురించి అందులో ఎక్కడా ఒక్క మాట లేదు.

"చూడండమ్మా," అంది మేడం హొన్నూరమ్మతో. "ఇదీ ఖాళీయే, అదీ ఖాళీయే. కానీ రెండూ ఒకటి కాదు. ఒకటి మనం చూడలేదు. ఇంకోటి వాళ్ళు చెప్పలేదు. రెండింటి మీదా మీరు ఒకే దుప్పటి కప్పినారు."

హొన్నూరమ్మ తలూపింది.

ఐదో వరస గ్రంథం ఫోటోల్లో ఆఖరిది పక్కకు తిరిగి ఉంది. సగం పేజీ మీద చెయ్యి నీడ. దాని మీద ఒక్క రంగు గీత లేదు. తరవాత చదువుదామని పక్కన పెట్టానని అక్షత అంది. హొన్నూరమ్మకు ఆ ఫోటో గుర్తుంది. రంగు లేదని రెండుసార్లు దాటేసింది. పునీత్ ఫోను తిప్పి, వేళ్ళతో పెద్దది చేసి, మేడం చేతికిచ్చాడు. ఆమె పైకి చదివింది.

అక్కడ రాసి ఉన్నది ఇంతే. సర్వే పగటిపూట ఇళ్ళ వద్ద జరిగింది. ఇంట దొరికిన స్త్రీలనే అడగగలిగాము. జీవాలు తోలుకుని వెళ్ళిన స్త్రీలు పొద్దున్నే పోయి పొద్దుగూకి వస్తారు కనుక వారు ఈ నమూనాలో లేరు. బయటి పని తగ్గిందన్న మా ఫలితాన్ని వారికి వర్తింపజేయరాదు.

అక్షత ముందుకు వంగి ఆ వాక్యాలను తానుగా ఇంకోసారి చదువుకుంది.

"నీ సబ్జెక్టు ఏంది అక్షతా?"

"జీవాలు మేపే ఆడోళ్ళు, మేడం."

"అంటే నీ పని ఎందుకు చెయ్యల్లనో వీళ్ళు రాసి పెట్టి పోయినారు. ఇదివరకు చేసినవాళ్ళుండారు కదా, నువ్వెందుకని కమిటీ అడిగితే నువ్వు వేలు పెట్టి చూపించాల్సిన గడి ఇదే." మేడం వేలు చార్టు మీద ఐదో వరసకు వెళ్ళింది. అక్కడ హొన్నూరమ్మ ముత్యాల్లాంటి అక్షరాలు ఉన్నాయి. నమూనా చిన్నది, ఒక్క ఊరికే సంబంధించింది.

హొన్నూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని వరసల్లో బిడ్డకు కావలసిన మాట ఒక్క చోట ఉంటే, సరిగ్గా దాని మీదే తాను మన్ను పోసింది.

"సంతకం పెడతా," అంది మేడం. "కానీ ఈ చార్టుతోనే పోవల్ల కమిటీకి."

"మేడమమ్మా, కొత్త కాగితం తెచ్చి మళ్ళీ రాసిస్తా. రేపు సాయంత్రానికి..."

"వద్దు. ఒక్కొక్క గీత కొట్టి, పక్కన నిజం రాయండి. కొట్టేసింది కనపడనీ. అతికించేది, తెల్లరంగు పూసేది వద్దు. మీరే రాయండి."

"నేనా?"

"రాత మధ్యలో మారితే బాగుండదు కదా."

హొన్నూరమ్మ స్కేలు పెట్టి ఆ మూడు వాక్యాలకూ అడ్డంగా గీత కొట్టింది. మూడో వరసలో, చివరి అధ్యాయం ఇంకా చూడలేదు అని రాసింది. సోమవారం అక్షత తుమకూరు వెళ్ళి ఆ పేజీలు తీసుకురావాలని మేడం పక్కనే పెన్సిలుతో గుర్తు పెట్టింది. ఎనిమిదిలో, రచయితలు పరిమితి చెప్పలేదు అని రాసింది. ఐదో గడి చిన్నది. ఫోనులోని వాక్యాలు పట్టలేదు. గడి గీత దాటి అంచు దాకా పోయాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తన జన్మలో అంత వికారంగా ఏదీ రాయలేదు. రాసేటప్పుడు మాత్రం ప్రతి మాటా చదివింది.

*

తిరుగు బస్సులో ఎల్లక్క మళ్ళీ తగిలింది. చేతిలో టమాటా సంచి.

"ఏం డాక్టరమ్మా! మేడమేమనె?"

అక్షత కాలేజీ నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి ఉంది. మేడం సంతకం చేసిన కాగితాలు తన సంచిలో పెట్టుకుంది గానీ చార్టు తల్లి ఒళ్ళోనే ఉంది. హొన్నూరమ్మ ఏదో ఒకటి చెప్పి నవ్వేసి తప్పించుకోవచ్చు. పొద్దున అరిచిన గొంతే కదా.

"తప్పులు రాసినానక్కా," అంది హొన్నూరమ్మ. పొద్దునంత గట్టిగా కాదు గానీ వెనక సీటుకు వినబడేటట్టే. "ఆ పిల్ల వదిలెయ్ అన్న గళ్ళు నేను నింపినా. అందరి ముందర మానం పోయె. కొట్టేసి మళ్ళ రాసొచ్చినా."

వేళాకోళం ఏదో ఎల్లక్క నోటిదాకా వచ్చి, హొన్నూరమ్మ ముఖం చూసి వెనక్కి పోయినట్టుంది. "పోనీలే. సంతకమాయనా?"

"ఆయె."

"మరింకేంది?"

"సోలార్ వచ్చినంక ఆడోళ్ళంతా ఇంటికాడ కూర్చున్నారని ఒకాయప్ప రాసినాడంటక్కా. మేకలకు పోయేవాళ్ళను అడగలేదని ఆయప్పే కింద చెప్పుకున్నాడు. అది చూసుకోకుండా దాని మీదనే నేను వేరే రాసినా."

"మనల్ని అడగలేదనా? మనం యాడ దొరుకుతాం? వాళ్ళొచ్చేసరికి మనం కంచె ఆ పక్క."

అక్షత కిటికీ నుంచి తల తిప్పింది. "ఎల్లక్కా, పొద్దున ఎన్నింటికి తోలుకుపోతారు మీరు? నేనూ వస్తా. పుస్తకం పట్టుకొని."

"నువ్వా? నడుస్తావా ముల్లులో? జ్వరం మనిషివి. మీ అమ్మ నన్ను చంపుతాది."

పాములు, ఎండ, ముల్లు, తగ్గీ తగ్గని జ్వరం, అన్నీ హొన్నూరమ్మ నోటి చివరకు వచ్చాయి. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. అక్షత ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాచి, ఒళ్ళోంచి చార్టు తీసుకుని తన మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

"నేను పట్టుకుంటానమ్మా," అంది.

హొన్నూరమ్మ చేతులు ఖాళీ అయ్యాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఊరొచ్చేదాకా అలాగే కూర్చుంది.